తేదీల దండెం మీద ఆరేసిన చరిత్ర

మన బడుల్లో ప్రాచీన చరిత్ర పాఠం ఎలా ముగుస్తుందో అందరికీ తెలుసు. మౌర్యుల పాఠం అయిపోతుంది, బోర్డు మీద ఒక పట్టిక వెలుస్తుంది. క్రీ.పూ. 327 అలెగ్జాండర్ దండయాత్ర. 321 చంద్రగుప్తుడు. 268 అశోకుడి పట్టాభిషేకం. 261 కళింగ యుద్ధం. 185 మౌర్య వంశం అంతం. పిల్లలు దాన్ని నోట్సులో దింపుకుంటారు, పరీక్ష దాకా మోస్తారు, పరీక్ష హాలు గుమ్మంలో దించేసి వస్తారు. దీన్ని కాలరేఖ అంటున్నారు. మేం కాదంటున్నాం. ఇది దండెం మీద ఆరేసిన బట్టల వరస. ఒకదాన్ని తీసేసినా పక్కది కదలదు.

తేదీలు అక్కర్లేదని మా వాదన కాదు. తేదీ లేకపోతే ఏది ముందో ఏది వెనకో తెలియదు. కానీ ముందు వెనకలు తెలిసినంత మాత్రాన ఏది దేనివల్ల జరిగిందో తెలియదు. "తరువాత" అనే మాటకీ "వల్ల" అనే మాటకీ మధ్య ఉన్న దూరమే చరిత్ర పాఠం. ఆ దూరాన్ని దాటించని పాఠంలో రాజుల పేర్లు మాత్రమే మిగులుతాయి. ఎందుకంటే తేదీలు దొరికేది రాజులకే. ఏనుగుని పట్టినవాడికి తేదీ లేదు, ఇనుప రాయి తవ్వినవాడికి లేదు, కళింగ నుంచి తరలించబడ్డ మనిషికి లేదు. వాళ్లు పాఠంలోకి రావాలంటే ఒకటే దారి. "దేనితో? ఎలా? ఎవరి మీద పడింది?" అని అడగాలి. అందుకే ఇది బోధనా పద్ధతి గురించిన చిన్న తగాదా కాదు, మన పిల్లలకు ఆ పాఠంలో అడవి కనబడుతుందా లేదా అన్న తగాదా.

మౌర్యుల పాఠాన్నే తీసుకుని, కారణ పర్యవసానాల కాలరేఖ ఎలా కట్టాలో చెబుతాం.

కావలసింది రెండు మీటర్ల తాడు, ఎనిమిది అట్టముక్కలు, కొన్ని కాగితం చీలికలు. తాడు మీద ఒక సెంటీమీటరుకి ఒక ఏడాది. క్రీ.పూ. 327 నుంచి 185 వరకు 142 సెంటీమీటర్లు వస్తుంది, గోడకి సరిపోతుంది. ఎడమ చివర 327, కుడి చివర 185. ఇక్కడే చాలామంది పిల్లలు తడబడతారు. అంకె చిన్నది కాబట్టి 185 ముందొస్తుందనుకుంటారు. క్రీస్తు పూర్వం అంకెలు తగ్గుతూ మన వైపు నడిచొస్తాయని తాడు పట్టుకుని చూపించాలి. క్రీ.పూ. 1 తరువాత వచ్చేది క్రీ.శ. 1, మధ్యలో సున్నా ఏడాది లేదు. కాబట్టి కళింగ యుద్ధం నుంచి 2025 దాకా లెక్కేస్తే 261, 2025 కలిపి ఒకటి తీసేయాలి. 2285 ఏళ్లు. పిల్లల చేత ఈ లెక్క ఒకసారి చేయిస్తే చాలు. ఈ పాఠంలోని తేదీల్లో చాలావాటికి ముందు "సుమారు" అని ఉండాలన్నది కూడా అప్పుడే చెప్పాలి.

ఎనిమిది అట్టముక్కల మీద ఎనిమిది సంగతులు రాయాలి. మగధ బలపడటం. అలెగ్జాండర్ వాయవ్యానికి రావడం. చంద్రగుప్తుడు రాజవడం. సెల్యూకస్‌తో ఒప్పందం. అశోకుడి పట్టాభిషేకం. కళింగ యుద్ధం. పదమూడో శిలాశాసనం. మౌర్య వంశం అంతం. ఇందులో మొదటిది మిగతావాటి లాంటిది కాదు. అది ఒక ఏడాదిలో జరిగింది కాదు, క్రీ.పూ. ఆరో శతాబ్దం నుంచి నాలుగో శతాబ్దం దాకా సాగింది. కాబట్టి దాన్ని తాడు మీద గుచ్చకూడదు. తాడు కింద నేల లాగా పొడుగ్గా పరచాలి. సంఘటన వేరు, పరిస్థితి వేరు. విత్తనం ఎప్పుడు పడిందో చెప్పవచ్చు, నేల ఎప్పుడు సారవంతమైందో ఒక తేదీతో చెప్పలేం. ఈ తేడా మన పిల్లలకు కొత్తగా నేర్పక్కర్లేదు, పాఠానికి అన్వయించి చూపిస్తే చాలు.

ఇప్పుడు అసలు పని. రెండు అట్టముక్కల మధ్య బాణం గుర్తు గీయాలంటే నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. మొదటిది ఇందుకు అందుకు దారి ఎలా తీసింది? రెండోది, ఇది జరగకపోతే అది ఆగిపోయేదా, ఆలస్యమయ్యేదా, అయినా జరిగేదా? మూడోది, దీనికి ఆధారం ఏమిటి? నాలుగోది, దీని బరువు ఎవరి మీద పడింది? జవాబుని కాగితం చీలిక మీద ఒక్క వాక్యంలో రాసి బాణం మీద అతికించాలి. మాట రాయని బాణాన్ని ఒప్పుకోకూడదు. నేరుగా కారణమైతే లావు గీత, అవకాశం మాత్రమే ఇస్తే సన్న గీత, ఊహ అయితే చుక్కల గీత.

నేలతో మొదలుపెడదాం. మగధ ఎందుకు బలపడింది? పంట పండే గంగా మైదానం, సరుకు నడవడానికి గంగ, దాని ఉపనదులు. వీటితో పాటు ఇప్పటి జార్ఖండ్ ప్రాంతంలో అందుబాటులో ఉన్న ఇనుప ఖనిజం, అడవుల్లోని ఏనుగులు. పాఠ్యపుస్తకాల్లో ఈ సంగతి ఒక వాక్యంలో వచ్చి వెళ్లిపోతుంది. అక్కడే ఆగాలి. ఇనుము, ఏనుగు, కలప, ఈ మూడూ అడవి నుంచి వచ్చినవే. అంటే ఆ సామ్రాజ్యం మొదటి అట్టముక్కలోనే అడవి ఉంది. మన పిల్లలకు అది చెప్పకుండా రాజుల పేర్లతో మొదలుపెట్టడం ఇల్లు చూపించి పునాది దాచడం.

రెండో అట్టముక్క అలెగ్జాండర్. అతని సైన్యం క్రీ.పూ. 326లో బియాస్ నది దగ్గర ముందుకు నడవనని మొరాయించింది. 325లో అతను వెనుదిరిగి పోయాడు. దీన్నుంచి చంద్రగుప్తుడికి పిల్లలు లావు గీత గీసేస్తారు. రెండో ప్రశ్న అడగండి. అలెగ్జాండర్ రాకపోతే మగధలో నందులు కూలిపోయేవారు కాదా? అలా చెప్పడానికి ఏమీ లేదు. అతను నందుల దాకా రానే లేదు. అతని దాడితో వాయవ్యంలోని చిన్న రాజ్యాలు, గణాలు దెబ్బతిన్నాయి. అతను చనిపోయాక సేనాపతులు తమలో తాము కొట్టుకున్నారు. ఆ ఖాళీ చంద్రగుప్తుడు అటు విస్తరించడానికి అవకాశమిచ్చింది. కాబట్టి ఇది సన్న గీత, అదీ "వాయవ్యంలో విస్తరణ"కి మాత్రమే. ఒకే అట్టముక్క నుంచి ఒక విషయానికి గీత ఉండి, పక్క విషయానికి లేకపోవచ్చు. పిల్లవాడు ఈ తేడా చెప్పగలిగాడంటే పట్టిక మొత్తం అప్పజెప్పిన పిల్లవాడి కంటే ఎక్కువ నేర్చుకున్నట్టే.

నాలుగో అట్టముక్క చూడండి. క్రీ.పూ. 303 ప్రాంతంలో సెల్యూకస్, చంద్రగుప్తుడు ఒప్పందానికి వచ్చారు. ఇప్పటి కాందహార్ వైపు భూములు మౌర్యులకు వచ్చాయి. సెల్యూకస్‌కి 500 ఏనుగులు ముట్టాయని గ్రీకు రచయితలు రాశారు. బిట్ ప్రశ్నకి జవాబు "500" అని వదిలేస్తాం. ఆ అంకె మీద నాలుగు ప్రశ్నలూ వేసి చూడండి. ఏనుగుని ఆవులాగా కొట్టంలో పెంచి మందను పెంచుకోవడం కుదరదు. అడవిలో పట్టుకొచ్చి మచ్చిక చేయాలి. అర్థశాస్త్రంలో ఏనుగుల అడవులకు వేరే కావలివాళ్లున్నారు. ఏనుగు జాడలు తీయడంలో వాళ్లకు తోడుగా వనచరుల పేరు కూడా ఉంది. ఏనుగుని చంపినవాడికి మరణశిక్ష అని ఉంది. అంటే ఒప్పందం మీద రాజుల పేరున్నా, చెల్లించింది అడవి. జాడ తీసింది అడవి మనుషుల కళ్లు.

పర్యవసానం ఎంత దూరం పోయిందో కూడా చూడాలి. ఆ ఏనుగులు క్రీ.పూ. 301లో, ఇప్పటి టర్కీలో ఉన్న ఇప్సస్ దగ్గర, సెల్యూకస్ పక్షాన యుద్ధంలో నిలబడ్డాయి. ఇటువైపు కాందహార్ మౌర్యుల చేతికి రావడం వల్లే తరువాత అశోకుడి మాటలు అక్కడ గ్రీకు భాషలో, అరమాయిక్ భాషలో చెక్కబడ్డాయి. గ్రీకు రాజులతో ఆ రాకపోకల వల్లే పదమూడో శాసనంలో అయిదుగురు గ్రీకు రాజుల పేర్లు వచ్చాయి. ఆ అయిదుగురూ బతికున్న కాలం గ్రీకు చరిత్ర నుంచి తెలుసు కాబట్టే అశోకుడి తేదీలను ఈరోజు మనం లెక్కగట్టగలుగుతున్నాం. పిల్లలు బట్టీ పట్టే 268 అనే అంకె ఆకాశం నుంచి ఊడిపడలేదు. అది కూడా ఈ గొలుసు చివర వేలాడే ఫలితమే. తేదీకి కూడా కారణం ఉందని తెలిసిన పిల్లలు తేదీని గౌరవిస్తారు.

ఇక కళింగ. ఇక్కడ పాఠం అందరి చేతా ఒకే కథ చెప్పిస్తుంది: అశోకుడు యుద్ధం చేశాడు, నెత్తురు చూశాడు, మారిపోయాడు, కత్తి పారేశాడు, సైన్యం బలహీనపడింది, సామ్రాజ్యం కూలింది. చకచకా నాలుగు లావు గీతలు. ఈ నాలుగింటిలో ఎన్ని నిలుస్తాయో పరీక్షిద్దాం.

యుద్ధం ఎందుకు జరిగిందో శాసనం చెప్పదు. పట్టాభిషేకం అయిన ఎనిమిదేళ్లకు కళింగను జయించానని మాత్రమే చెబుతుంది. తూర్పు తీరం, దక్షిణానికి పోయే దారుల మీద పట్టు కోసమని చరిత్రకారులు అంటారు. సమంజసంగానే ఉంది, కానీ చుక్కల గీత. ఖారవేలుడి హాథీగుంఫా శాసనంలో నందరాజు కళింగలో కాలువ తవ్వించిన మాట, కళింగ జినుణ్ని ఎత్తుకుపోయిన మాట ఉన్నాయి. అంటే మగధ చూపు కళింగ మీద పడటం అశోకుడితో మొదలు కాలేదు. కాబట్టి ఈ గీతని 261 దగ్గర కాదు, తాడు కింద పరిచిన నేల దగ్గర మొదలుపెట్టాలి.

యుద్ధం నుంచి మార్పుకి గీసే గీతకి ఆధారం ఉంది. లక్షా యాభై వేలమందిని తరలించారనీ, లక్షమంది చనిపోయారనీ, అంతకు ఎన్నో రెట్లు ఆ తరువాత నశించారనీ, అందుకు తాను బాధపడుతున్నాననీ రాజే చెక్కించాడు. అయితే అది ఒక్క రాత్రిలో జరిగిన మార్పు కాదు. ఎనిమిదో ఏట యుద్ధం, పదో ఏట బోధగయ యాత్ర. లఘు శిలాశాసనంలో తాను ఉపాసకుడినై రెండున్నరేళ్లు దాటిందనీ, మొదటి ఏడాది అంత పట్టుదల చూపలేదనీ అతనే చెప్పుకున్నాడు. కాబట్టి గీత లావే, కానీ పొడుగు గీత.

ఇదే పదమూడో శాసనంలో పాఠం చదవని వాక్యం ఇంకోటి ఉంది. తన రాజ్యంలోని అడవి జనానికి, అంటే అటవికి, నచ్చజెబుతున్నాననీ, పశ్చాత్తాపపడుతున్నా తన చేతిలో బలం ఉందని వాళ్లు గుర్తుంచుకోవాలనీ, సిగ్గుపడి దారికొస్తే చంపబడరనీ దాని సారం. యుద్ధానికి బాధపడిన రాజు అదే రాతి మీద అడవికి హెచ్చరిక పెట్టాడు. ఆ శాసనంలోనే ఆంధ్రుల పేరు, పుళిందుల పేరు పక్కపక్కన ఉన్నాయి. ఇది దూరదేశపు సంగతి కూడా కాదు, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఈ శాసనం ఉంది. లేనిది ఎక్కడంటే కళింగలో. ధౌలిలో, జౌగడలో ఈ పదమూడోదాన్ని చెక్కించలేదు. దాని చోట అక్కడి అధికారులకు వేరే శాసనాలు పెట్టారు. చనిపోయినవాళ్ల ఊళ్లో చావుల లెక్క రాయలేదు, పరిపాలన ఎలా చేయాలో రాశారు. కళింగని తిరిగి ఇవ్వలేదు కూడా. "హృదయ పరివర్తన" అని ఒక్క మాటలో ముగించే పాఠం ఈ రెండు పర్యవసానాలనూ మింగేస్తోంది. నాలుగో ప్రశ్న అడిగితే అవి బయటపడతాయి.

ఇక మిగిలిన రెండు గీతలు. కత్తి పారేశాడు, సామ్రాజ్యం కూలింది. సైన్యాన్ని రద్దు చేసినట్టు ఏ శాసనమూ చెప్పదు. మరణశిక్ష కూడా పోలేదు. నాలుగో స్తంభ శాసనంలో మరణశిక్ష పడినవాళ్లకు మూడు రోజుల గడువు ఇచ్చాడు, అంతే. అడవికి పెట్టిన హెచ్చరిక పైనే చూశాం. ఇప్పుడు తాడు దగ్గరికి వెళ్లి కొలవండి. అశోకుడు సుమారు క్రీ.పూ. 232లో చనిపోయాడు. చివరి మౌర్యుడైన బృహద్రథుణ్ని అతని సేనాపతి పుష్యమిత్రుడు 185 ప్రాంతంలో చంపాడు. మధ్య 47 సెంటీమీటర్లు ఖాళీ. మూరెడు దాటిన ఖాళీ మీదుగా "అహింస వల్ల" అని ఒకే బాణం దూకించాలంటే మధ్యలో ఏం జరిగిందో చెప్పాలి. చెప్పలేకపోతే ఆ బాణం తీసేయాలి. రొమిలా థాపర్ 1961లో వెలువరించిన పుస్తకంలో ఈ అహింసా వాదాన్ని నిలదీసి, పతనానికి కారణాలు పాలనా నిర్మాణంలో వెతకాలని వాదించారు. పట్టికలో ఈ ఖాళీ కనబడదు. 232 కింద 185 ఒక గీత దూరంలో కూర్చుంటుంది. తాడు మీదైతే అయిదో తరగతి పిల్లకి కూడా కనబడుతుంది.

ఇప్పటిదాకా పాఠాన్ని నిలదీశాం. అవే ప్రశ్నలు మనకీ వేసుకోవాలి. అటవి అనే మాట కనబడగానే వాళ్లు మన తాతలే అని ఒక లావు గీత గీసి మన ఊరిదాకా లాగాలనిపిస్తుంది. మన రాతల్లో, మన సభల్లో ఆ గీత తరచూ గీస్తున్నాం. మూడో ప్రశ్న వేసుకుందాం. అటవి గురించిన ఆ వాక్యం ఏ తెగ పేరూ చెప్పలేదు. ఇరవై రెండు శతాబ్దాల్లో జనం ఎన్నో కొండలు మారారు. ఆ గీత చుక్కలుగానే ఉండాలి. అయిదో స్తంభ శాసనంలో అడవులను ఊరికే గానీ, జీవులను చంపడానికి గానీ తగలబెట్టకూడదని ఉంది. పోడు మీద మొదటి నిషేధం ఇదేనని రాయడం తేలిక. కానీ ఆ వాక్యం సాగు మాట ఎత్తలేదు. దాన్ని ప్రశ్నగా గోడ మీద పెట్టవచ్చు, జవాబుగా పెట్టకూడదు. అర్థశాస్త్రం కూడా అంతే. అది ఒక్కసారిగా రాసింది కాదని, శతాబ్దాల మీద కూర్చినదని చాలామంది పండితుల అభిప్రాయం. అందులో ఉన్నదంతా చంద్రగుప్తుడి అడవిలో జరిగిందని లావుగా గీయకూడదు. ఏనుగుల అడవి మాట అశోకుడి స్తంభ శాసనంలోనూ ఉంది కాబట్టి, అంతవరకు గీత కొంచెం లావు చేయవచ్చు. పరాయివాళ్లు ఆధారం లేకుండా మన గురించి రాశారని ఫిర్యాదు చేసే మనం, ఆధారం లేని గీత గీస్తే మన ఫిర్యాదే బలహీనపడుతుంది.

ఉపాధ్యాయ మిత్రులు చెప్పే అభ్యంతరం మాకు తెలుసు. సిలబస్ తరుముతోంది, పరీక్షలో తేదీలే అడుగుతారు, ఇదంతా ఎప్పుడు? లెక్క చూద్దాం. అట్టముక్కలు రాసి తాడు మీద పెట్టడానికి ఒక పీరియడ్. గీతలు, కాగితం చీలికలు ఒక పీరియడ్. తప్పు గీతలు పీకడానికి ఇంకో పీరియడ్. మూడు పీరియడ్లు. పట్టిక రాయించి, అప్పజెప్పించి, మరిచిపోయాక మళ్లీ అప్పజెప్పించడానికి ఇంతకంటే ఎక్కువే పోతోంది. ఎనిమిది అట్టముక్కలు దాటవద్దు. ఇరవై పెడితే గోడంతా గీతలల్లుకుని సాలెగూడవుతుంది, ఎవరికీ ఏదీ కనబడదు.

పిల్లలు నేర్చుకున్నారో లేదో తెలుసుకోవడానికి పరీక్ష పేపరు అక్కర్లేదు. గోడ మీది నుంచి ఒక అట్టముక్క తీసి చేతిలో పట్టుకోండి. సెల్యూకస్ ఒప్పందం తీశారనుకుందాం. "ఇప్పుడు ఇంకేవి పడిపోతాయి?" అని అడగండి. కాందహార్‌లో గ్రీకు రాత పడిపోతుంది, ఇప్సస్‌లో ఏనుగులు పడిపోతాయి, కళింగ యుద్ధం మాత్రం నిలబడుతుంది అని చెప్పి, ఎందుకో వాదించగలిగితే పాఠం వచ్చినట్టు. ఏమీ పడదు అన్నారంటే మనం మళ్లీ దండెమే కట్టామన్నమాట.

ఆశ్రమ పాఠశాలల్లో, ఊరి బడుల్లో పాఠం చెప్పే మనవాళ్లను మేం కోరేది కొత్త పుస్తకం కాదు. ఉన్న పుస్తకంలోని అదే పాఠాన్ని "వల్ల" అనే మాటతో మళ్లీ చదవమని. చదువుకుంటున్న మన యువతకి చెప్పేది ఇంకొకటి. మీకు ఎవరైనా రెండు తేదీలు పక్కపక్కన పెట్టి ఇదే కారణం అని చెబితే, అది రాజుల గురించైనా మన గురించైనా, మధ్యలో ఉన్న ఖాళీని కొలిచి, గీత మీద రాసిన మాటని చూపించమనండి. మాట రాయని బాణాన్ని తీసి కింద పెట్టండి.